జిమ్ మెంబర్‌షిప్ రద్దు చేసుకునే ఉత్తరం: చెప్పిందొకటి, ఫారంలో ఉన్నదొకటి అయినప్పుడు

“రెండేళ్లకు ఒకేసారి కట్టేశా. ఎప్పుడైనా ఆపుకోవచ్చన్నారు. ఇప్పుడు అడిగితే రూల్స్‌లో లేదంటున్నారు. ఉత్తరం ఎట్టా రాయాలి?” ఈ ప్రశ్న నాకు సంక్రాంతి వెళ్లిన రెండు మూడు నెలలకు మొదలై వేసవి దాకా వస్తూనే ఉంటుంది. విడివిడిగా చెప్పి అలిసిపోయి, అంతా ఒకచోట రాస్తున్నా.

ఉదాహరణకు మా అన్న కొడుకు వ్యవహారమే తీసుకుంటా. వాడు నెల్లూరు వేదాయపాలెంలో ఉంటాడు, కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో ఉద్యోగం. మాగుంట లేఅవుట్‌లోని ఒక జిమ్‌లో జనవరి 4న 24 నెలలకు రూ.28,800 కట్టాడు. జిమ్ పేరు ఇక్కడ అనవసరం.

## 1. ముందు కారణం తేల్చుకోండి

ఎక్కువ ఉత్తరాలు మొదటి వాక్యంలోనే చెడిపోతాయి. మావాడు మొదట రాసుకొచ్చింది ఇది: “నాకు రెండు నెలలు నైట్ షిఫ్ట్ వేశారు, రావడం కుదరదు, కాబట్టి డబ్బు తిరిగి ఇవ్వగలరు.”

ఇది చదివిన మేనేజర్‌కు జవాబు రాయడానికి అర నిమిషం చాలు. “అది మీ సొంత ఇబ్బంది, మా ఫీజు తిరిగి ఇవ్వబడదు.” ఆ జవాబులో తప్పు పట్టడానికి కూడా ఏమీ ఉండదు. షిఫ్ట్ మారడం, బదిలీ, మోకాలి నొప్పి, బద్ధకం, ఇవన్నీ మన వైపు కారణాలు. జిమ్ తప్పేమీ వాటిలో లేదు.

మనం నిలబడాల్సింది వేరే చోట. చేర్చుకునేటప్పుడు వాళ్లు చెప్పినదానికీ, చేరాక ఫారంలో బయటపడినదానికీ మధ్య తేడా మీద. మావాడికి చెప్పినవి మూడు: ఎప్పుడైనా ఆపేస్తే మిగిలిన నెలల డబ్బు వెనక్కి ఇస్తాం, కావాలంటే ఎన్ని నెలలైనా ఫ్రీజ్ చేసుకోవచ్చు, మూడు నెలలు పర్సనల్ ట్రైనర్ ఉచితం. ఫారం వెనుక ఉన్నవి: ఫీజు తిరిగి ఇవ్వబడదు, ఫ్రీజ్ ఏడాదికి ఒకసారి 15 రోజులే, ట్రైనర్ మూడు సెషన్లు మాత్రమే. మూడు నెలలు కాదు, మూడు సెషన్లు!

నైట్ షిఫ్ట్ గురించి ఉత్తరంలో ఒక్క ముక్క ఉండొచ్చు. ఫ్రీజ్ అడగబోతే అసలు షరతు తెలిసిందని చెప్పడానికి, అంతవరకే.

కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఎడమవైపు “చెప్పింది”, కుడివైపు “ఫారంలో ఉన్నది”. రెండు గళ్లూ నిండిన అంశాలే ఉత్తరంలోకి వెళ్తాయి. ఏసీ సరిగా రాదు, ట్రెడ్‌మిల్ పాడైంది లాంటివి కోపంలో రాయాలనిపిస్తుంది కానీ, వాటిని కలిపితే అసలు విషయం పలచబడుతుంది.

## 2. ఉత్తరం కంటే ముందు ఆధారాలు

ఈ వరస తప్పకండి. ఉత్తరం అందిన రోజే వాట్సాప్ స్టేటస్‌లు, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మాయమవుతాయి, చేర్చుకున్న కుర్రాడు ఉద్యోగం మానేశాడంటారు. అందుకే ముందు పోగు చేసుకోవాలి.

మావాడి దగ్గర దొరికినవి ఇవి:

- జనవరి 3 సాయంత్రం సేల్స్ కుర్రాడు పంపిన వాట్సాప్ మెసేజ్. “ఎప్పుడైనా క్యాన్సిల్ చేసుకోవచ్చు సార్, మిగతా నెలల అమౌంట్ రిఫండ్. రేపే లాస్ట్ డేట్.”
- యూపీఐ చెల్లింపు వివరం. సమయం రాత్రి 7:12.
- సంతకం చేసిన ఫారం ఫోటో. జిమ్ వాళ్లు సంతకం పెట్టిన సమయం కూడా ఫారం మీద వేశారు, 7:40.
- జనవరి 20న కూడా అదే “లాస్ట్ డేట్” ఆఫర్ నడుస్తున్నట్టు వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పోస్ట్.

వీటిలో అందరూ వదిలేసేది రెండు సమయాల మధ్య తేడా. జిమ్ వాళ్ల పెద్ద ఆయుధం “మీరు చదివే సంతకం పెట్టారు కదా” అన్న మాట. కాంట్రాక్ట్ చట్టం (1872) సెక్షన్ 19లో వాళ్లకు కాస్త ఆసరా కూడా ఉంది. తప్పుడు మాట నమ్మి ఒప్పుకున్నా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలున్నవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోలేడని అందులో మినహాయింపు ఉంది. కానీ డబ్బు 7:12కి తీసుకుని షరతుల కాగితం 7:40కి చూపించారంటే? కట్టే ముందు చదివే వీలే ఇవ్వలేదన్నమాట. ఆ 28 నిమిషాలు మావాడి వైపు మాట్లాడతాయి. మీ యూపీఐ యాప్‌లో సమయం చూసుకోండి, షరతుల లింకు ఎస్ఎంఎస్‌లో వచ్చుంటే అది ఎన్నింటికి వచ్చిందో చూసుకోండి.

స్క్రీన్‌షాట్‌లో పేరు కాదు, ఫోన్ నంబరు కనబడాలి. “జిమ్ అన్న” అని సేవ్ చేసుకుని తీసిన స్క్రీన్‌షాట్ ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఆ ఫోన్‌ను అమ్మకండి, ఫార్మాట్ చేయకండి.

అంతా నోటిమాటే అయితే? చాలామంది పరిస్థితి ఇదే. అప్పుడు గొడవ పెట్టుకోకముందే, మామూలుగా ఒక మెసేజ్ పెట్టండి: “అన్నా, చేరేటప్పుడు ఎప్పుడైనా ఆపుకుంటే మిగతా నెలలది రిఫండ్ అన్నారు కదా, దానికి ప్రాసెస్ ఏంది?” నూటికి నూరుపాళ్లూ ఒప్పుకోకపోవచ్చు. “అవునన్నా, కానీ మేనేజర్ ఒప్పుకోవట్లేదు” అని వచ్చినా చాలు, నోటిమాట కాగితం మీదికి వచ్చినట్టే. వినియోగదారుల రక్షణ చట్టం (2019) సెక్షన్ 2(47)లో అనుచిత వ్యాపార పద్ధతికి ఇచ్చిన నిర్వచనం రాతతో పాటు నోటితో చెప్పిన తప్పుడు మాటకూ వర్తిస్తుంది. చిక్కంతా దాన్ని రుజువు చేయడంలోనే.

మెసేజ్ లేదు, సాక్షి లేడు, ఫారంలో మాత్రం షరతు స్పష్టంగా ఉంది, కట్టకముందే అది మీ చేతికిచ్చారు. ఇలా అయితే మీ వాదన బలహీనం. ఉత్తరం రాయొచ్చు, కానీ పూర్తి రిఫండ్ ఆశతో కాదు, బేరం కోసం.

ఫారం కాపీ మీకు ఇవ్వలేదా? రిసెప్షన్‌లో నవ్వుతూ అడిగి ఫోటో తీసుకోండి, రెండు వైపులా. రసీదు లేకుంటే అదీ అడగండి. సేవకు బిల్లో రసీదో ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద తప్పే.

## 3. ఎవరి పేరున రాయాలి

బోర్డు మీద ఉన్న పేరు యజమాని పేరు కాదు. చాలా జిమ్‌లు ఫ్రాంచైజీలు. బోర్డు ఒక బ్రాండ్‌ది, డబ్బు వెళ్లింది ఇంకో సంస్థ ఖాతాలోకి. మూడు చోట్ల చూడండి: రసీదు మీద పేరు, యూపీఐలో డబ్బు అందుకున్న పేరు, బిల్లు మీద జీఎస్‌టీ నంబరు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన నంబరు 37తో మొదలవుతుంది. దాన్ని gst.gov.in లోని Search Taxpayer లో కొడితే సంస్థ అసలు పేరు, వ్యాపార చిరునామా వస్తాయి.

ఉత్తరం ఆ అసలు పేరుకు, జిమ్ చిరునామాకు పంపండి. బ్రాండ్ కంపెనీ వేరే ఊళ్లో ఉంటే దానికి ఒక ప్రతి. చేర్చుకున్న కుర్రాడి పేరు మీద మాత్రం రాయకండి. వాడు టార్గెట్ల కోసం తిప్పలు పడే జీతగాడు, ఉత్తరంలో “మీ సేల్స్ ప్రతినిధి” అంటే సరిపోతుంది.

## 4. లెక్క

ఎంత అడుగుతున్నారో చెప్పని ఉత్తరానికి జవాబు రాదు. మావాడి లెక్క ఇలా వేశాం:

- కట్టింది: 24 నెలలకు రూ.28,800. అంటే నెలకు రూ.1,200.
- వాడింది: జనవరి 4 నుంచి ఏప్రిల్ 3 వరకు, 3 నెలలు. 3 × 1,200 = రూ.3,600.
- రావాల్సింది: 28,800 − 3,600 = రూ.25,200.

జిమ్ వేసే లెక్క వేరుగా ఉంటుంది. విడిగా ఒక నెలకు కడితే అక్కడ రూ.2,000. కాబట్టి “మీరు వాడిన మూడు నెలలకు మా మామూలు రేటు 6,000, మిగిలింది 22,800” అంటారు. ఇది పూర్తిగా అన్యాయమైన వాదనేం కాదు. అందుకే మనసులో ఒక దిగువ గీత ఉంచుకోండి, మావాడికి అది 22,800. ఉత్తరంలో మాత్రం 25,200 ఒక్కటే రాయాలి.

వాడిన నెలలు కూడా కలిపి మొత్తం 28,800 అడగొచ్చా అని కొందరు అడుగుతారు. ఒప్పందం రద్దు చేసుకున్నప్పుడు మనం పొందిన లాభాన్ని మనమూ తిరిగివ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 64 చెబుతుంది. మూడు నెలలు చేసిన కసరత్తు తిరిగివ్వలేం కదా, దాని విలువ తగ్గించుకోవాలి. పైగా తగ్గించి అడిగినవాడి ఉత్తరం చదివేవాళ్లకు నమ్మకంగా ఉంటుంది. “మానసిక వేదనకు అయిదు లక్షలు” ఈ ఉత్తరంలో వద్దు.

## 5. ఉత్తరం

ఒక పేజీ దాటకూడదు. తెలుగులో రాయొచ్చు. కంపెనీ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషు ప్రతి కూడా జత చేయండి. బ్రాకెట్లలో ఉన్నవి మీ వివరాలతో నింపుకోండి.

> తేదీ: ఏప్రిల్ 3
>
> (సంస్థ అసలు పేరు), (జిమ్ చిరునామా), నెల్లూరు
>
> మేనేజర్ గారికి,
>
> విషయం: మెంబర్‌షిప్ నంబరు (…) రద్దు, రూ.25,200 వాపసు గురించి.
>
> 1. జనవరి 4న రూ.28,800 యూపీఐ ద్వారా చెల్లించి (లావాదేవీ నంబరు …) మీ జిమ్‌లో 24 నెలల సభ్యత్వం తీసుకున్నాను.
>
> 2. చేరే ముందు మీ సేల్స్ ప్రతినిధి నాకు మూడు విషయాలు చెప్పారు: ఎప్పుడు రద్దు చేసుకున్నా మిగిలిన నెలల డబ్బు తిరిగి ఇస్తారని, ఎన్ని నెలలైనా ఫ్రీజ్ చేసుకోవచ్చని, మూడు నెలలు పర్సనల్ ట్రైనర్ ఉచితమని. మొదటి మాట జనవరి 3 నాటి వాట్సాప్ సందేశంలో కూడా ఉంది (జత 1). ఈ మాటలు నమ్మే 24 నెలలకు ఒకేసారి చెల్లించాను.
>
> 3. చెల్లింపు రాత్రి 7:12కి జరిగింది (జత 2). షరతుల ఫారం నాకు ఆ తర్వాతే చూపించారు, దానిపై 7:40 సమయం ఉంది (జత 3).
>
> 4. ఏప్రిల్ 1న ఫ్రీజ్ కోసం అడిగినప్పుడు, అది ఏడాదికి 15 రోజులేనని, ఫీజు తిరిగి ఇవ్వబడదని, ట్రైనర్ మూడు సెషన్లకేనని మీ సిబ్బంది చెప్పారు. ఇవి నాకు చెప్పినవాటికి పూర్తిగా విరుద్ధం.
>
> 5. తప్పుడు మాటల ఆధారంగా పొందిన నా సమ్మతిని కాంట్రాక్ట్ చట్టం, 1872, సెక్షన్లు 18, 19 ప్రకారం ఉపసంహరించుకుని ఈ సభ్యత్వాన్ని నేటి నుంచి రద్దు చేస్తున్నాను. మీ ప్రతినిధి చర్య వినియోగదారుల రక్షణ చట్టం, 2019, సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.
>
> 6. వాడుకున్న 3 నెలలకు రూ.3,600 తగ్గించి, మిగిలిన రూ.25,200 ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా (బ్యాంకు ఖాతా వివరాలు)కు జమ చేయగలరు. లేని పక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.
>
> 7. నేటి నుంచి జిమ్ సేవలు వాడుకోను. నా ఖాతా నుంచి ఇకపై ఏ మొత్తం తీసుకోవడానికీ అనుమతి లేదు.
>
> (సంతకం, పేరు, చిరునామా, ఫోన్)
>
> జతలు: 1. వాట్సాప్ సందేశం 2. చెల్లింపు వివరం 3. ఫారం రెండు వైపులా

అయిదో పేరాలో ఒక పదం కావాలనే పెట్టలేదు: “అనుచిత ఒప్పందం”. వినబోతే మన వ్యవహారానికి సరిగ్గా అతికేలా ఉంటుంది. కానీ 2019 చట్టంలో అనుచిత ఒప్పందాల ఫిర్యాదు జిల్లా కమిషన్ ముందు కాదు, రాష్ట్ర కమిషన్ ముందు వేయాలి. అంటే పాతిక వేల కోసం నెల్లూరు వదిలి విజయవాడ తిరగాలి. అనుచిత వ్యాపార పద్ధతి, సేవాలోపం, ఈ రెండు మాటల మీదే ఉంటే మన ఊళ్లోనే పని జరుగుతుంది.

ఏడో పేరా చిన్నదే కానీ, దానికి కట్టుబడి ఉండాలి. ఉత్తరం పంపి మర్నాడు వెళ్లి వేలిముద్ర వేశారంటే, “రద్దు చేశానంటూనే వాడుకున్నాడు” అని హాజరు లెక్క తీసి చూపిస్తారు. మోసం తెలిశాక కూడా వాడుకుంటూ పోతే ఒప్పందాన్ని ఆమోదించినట్టే. లాకర్‌లో బూట్లు, టవల్ ఉంటే ఉత్తరం పంపకముందే తెచ్చేసుకోండి. మావాడి షేకర్ ఇప్పటికీ అక్కడే ఉంది.

## 6. పంపడం

పోస్టాఫీసులో “రిజిస్టర్డ్ పోస్ట్” అని అడిగితే ఇప్పుడు మొహం చూస్తారు. 2025లో దాన్ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. “స్పీడ్ పోస్ట్, రిజిస్ట్రేషన్‌తో, డెలివరీ రుజువు కావాలి” అని అడగండి. మావాడు నెల్లూరు హెడ్ పోస్టాఫీసులో వేశాడు.

- సంతకం చేసిన ఉత్తరం ఫోటో, జతల ఫోటోలు తీసుకోండి. అసలు రసీదు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సే పెట్టండి.
- అదే రోజు ఉత్తరాన్ని పీడీఎఫ్‌గా జిమ్ మెయిల్‌కు, వాట్సాప్‌కు పంపండి. “కవర్లో తెల్లకాగితం వచ్చింది” అనేవాళ్లూ ఉంటారు.
- ట్రాకింగ్‌లో “డెలివర్డ్” అని వచ్చిన రోజు స్క్రీన్‌షాట్ తీయండి. 15 రోజులు ఆ రోజు నుంచే.
- తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవర్‌ను చించకండి. మూసిన కవర్ అలాగే దాచండి, “రెఫ్యూజ్డ్” అని రాసిన ముద్ర మీకు పనికొస్తుంది.

చేతికి ఇవ్వాలనుకుంటే రెండో ప్రతి మీద తేదీ, సంతకం, జిమ్ స్టాంపు వేయించుకోండి. స్టాంపు వేయమంటే చాలామంది “మేనేజర్ లేరు సార్” అంటారు. పోస్టే మేలు.

## 7. నెలనెలా కోత ఉంటే

యూపీఐ ఆటోపే పెట్టుకున్నవాళ్లు ఉత్తరం వెళ్లిన రోజే యాప్‌లోకి వెళ్లి ఆ మాండేట్ రద్దు చేసుకోండి.

ఈఎంఐ అయితే అలా చేయకూడదు. “నో కాస్ట్ ఈఎంఐ” అన్నది జిమ్ ఇచ్చే సదుపాయం కాదు, మీ పేరున ఏదో ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు. దాని డబ్బు జిమ్‌కు ఎప్పుడో చేరిపోయింది. కంతులు ఆపితే జిమ్‌కు ఏమీ కాదు, మీ క్రెడిట్ స్కోరు పడిపోతుంది. ఉత్తరం ప్రతిని ఆ ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల మెయిల్‌కు పంపి, వివాదం తేలే దాకా కంతులు కట్టండి. ఆరో పేరాలో వాపసు ఎక్కడికి రావాలో కూడా మార్చి రాయాలి: ముందు అప్పు తీర్చేసి, మిగిలింది మీకు.

## 8. వాళ్లు ఇచ్చే జవాబులు

మావాడికి అయిదో రోజు ఫోన్ వచ్చింది. “సార్, రిఫండ్ కుదరదు కానీ మీ ఫ్రెండ్ ఎవరికైనా ట్రాన్స్‌ఫర్ చేస్తాం.” వాడు నాకు ఫోన్ చేసి “బాబాయ్, ఒప్పుకోమంటావా?” అన్నాడు. కొనేవాడు చేతిలో ఉంటే ఒప్పుకోవచ్చు, లేకపోతే మనం వాళ్లకు ఉచిత సేల్స్‌మన్‌గా మారతాం. వద్దన్నాం.

తర్వాత మేనేజర్ ఫోన్ చేసి ఆరు నెలలు అదనంగా ఇస్తామన్నాడు. నమ్మకం పోయిన చోట ఇంకో ఆరు నెలలు ఏం చేసుకోను? అదీ వద్దన్నాం. ప్రతి ఫోన్ తర్వాత మావాడు ఒక మెసేజ్ పెట్టాడు: “ఇప్పుడు మీరు ఫోన్‌లో ఇలా అన్నారు, నేను ఒప్పుకోలేదు, నా ఉత్తరం ప్రకారమే కావాలి.” మర్యాదగా, రెండు వాక్యాలే.

పదకొండో రోజు 22,800 ఇస్తామన్నారు. రెండు మాటలయ్యాక రూ.24,000 దగ్గర తెగింది. అప్పుడొచ్చింది అసలు మెలిక. “ముందు సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం చేయండి, డబ్బు వచ్చే వారం వేస్తాం.” డబ్బు అందినట్టు రాసిన కాగితం మీద డబ్బు అందకముందు సంతకం పెట్టకూడదు. ఖాతాలో పడ్డాక, కౌంటర్ దగ్గరే నిలబడి సంతకం చేశాడు.

ఈ మధ్యలో గూగుల్ రివ్యూలో తిట్టడం, జిమ్ ముందు వీడియో తీయడం లాంటివి పెట్టుకోవద్దు. బేరం నడిచే చోట అవతలివాడికి పరువు సమస్య తెచ్చిపెడితే డబ్బు మాట వెనక్కి పోతుంది.

## 9. పదిహేను రోజులు దాటితే

మొదట 1915కు ఫోన్ చేయండి. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి ఫిర్యాదు పంపి జవాబు అడుగుతారు. ఆదేశాలిచ్చే అధికారం వాళ్లకు లేదు కాబట్టి, పెద్ద బ్రాండ్లు స్పందించినంతగా ఒంటరి జిమ్‌లు స్పందించకపోవచ్చు. ఫిర్యాదుకు వాళ్లిచ్చే డాకెట్ నంబరు రాసి ఉంచుకోండి.

అదీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే ఊరి కమిషన్‌లోనే వేయొచ్చు, నెల్లూరువాళ్లు నెల్లూరులో, ఒంగోలువాళ్లు ఒంగోలులో. జిమ్ కంపెనీ ఆఫీసు ఇంకెక్కడున్నా సరే. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో e-Jagriti పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. ఉత్తరంలో మీరు రాసిన ఏడు పేరాలే అక్కడ ఫిర్యాదుకు వెన్నెముక అవుతాయి, అందుకే తేదీలు, అంకెలు మొదటే సరిగా ఉండాలి.

దాఖలు చేసేముందు చూసుకోవాల్సినవి:

- ఉత్తరం ప్రతి, పోస్టు రసీదు, డెలివరీ రుజువు (లేదా తిరిగొచ్చిన మూసిన కవర్)
- రసీదు, చెల్లింపు వివరం, ఫారం రెండు వైపులా
- వాట్సాప్ ప్రింట్లు, వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023, సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్
- 1915 డాకెట్ నంబరు
- జిమ్ ఫోన్ల తర్వాత మీరు పెట్టిన మెసేజ్‌లు

గడువు రెండేళ్లు, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి. మెంబర్‌షిప్ కూడా రెండేళ్లే కావడంతో, అది అయిపోయాక చూద్దాంలే అనుకున్నవాళ్లు గడువు దాటించుకుని నా దగ్గరకు వస్తుంటారు.